ఏడో తరగతికి పెసర మొక్కలతో ఫెయిర్ టెస్ట్: చీకట్లో పెట్టినవే పొడుగ్గా వస్తాయి కదా, మరి ఏం కొలవాలి?

చంపావతి_సైన్స్
అందరికీ నమస్కారం. గజపతినగరం దగ్గర హైస్కూల్లో ఏడో తరగతికి సైన్స్ చెప్తున్నాను. ఒక ప్రయోగంలో దేన్ని మార్చాలి, దేన్ని కొలవాలి, మిగతా వేటిని మార్చకుండా ఉంచాలి అన్నది పిల్లలే తేల్చుకునేలా ఒక పాఠం ప్లాన్ చేస్తున్నాను. నేను ముందే పట్టిక గీసి ఇచ్చేస్తే వాళ్ళు నింపేస్తారు గానీ ఆలోచించరు.

నా ఆలోచన ఇది. పెసలు నానబెట్టి టీ కప్పుల్లో నాటుతాం. ఒక కప్పు వరండాలో ఎండ తగిలే చోట, ఇంకోటి బీరువాలో. పది రోజుల తర్వాత స్కేలుతో ఎత్తు కొలుస్తాం. మొక్కకి వెలుతురు కావాలని తేలుతుంది. అయితే మా స్కూల్లోనే ఇంకో టీచర్ ఒక మాట అన్నారు, బీరువాలోవే పొడుగ్గా వస్తాయని. అదే నిజమైతే పిల్లలు "చీకట్లోనే బాగా పెరుగుతాయి" అని రాసుకుని వెళ్ళిపోతారు. ఏం చెయ్యమంటారు? వెలుతురు వదిలేసి నీళ్ళో, ఎరువో తీసుకోనా?

గరివిడి_టీచర్
మేడమ్ గారూ, ఫెయిర్ టెస్ట్‌కి సూత్రం ఒక్కటే. ఒక్కదాన్నే మార్చాలి, మిగతావన్నీ ఒకేలా ఉండాలి. ఒకే మట్టి, ఒకే రకం గింజ, ఒకే సైజు కప్పు, రోజూ 10 మి.లీ. నీళ్ళు. ఇంత పక్కాగా చేశాక ఒక కప్పు ఇక్కడ, ఒక కప్పు అక్కడ చాలు. వచ్చిన తేడా ఏదైనా వెలుతురు వల్లే అని చెప్పెయ్యొచ్చు. నీళ్ళు కొలవడానికి దగ్గు మందు సీసా మూత వాడండి, దాని మీద గీతలు ఉంటాయి.

పలాస_డాబాతోట
మా డాబా మీద బెండ మొక్కలు పొడుగ్గా సాగిపోయి వాలిపోతున్నాయి, ఆకులు కూడా పాలిపోయాయి. పైన షేడ్ నెట్ కట్టాం. ఏ ఎరువు వేస్తే గట్టిపడతాయి? ఇక్కడ మొక్కల గురించే మాట్లాడుతున్నారు కదా అని అడిగాను.

నాగావళి_మాస్టారు
చంపావతి మేడమ్ గారూ, మీ తోటి టీచర్ చెప్పింది నిజమే. చీకట్లో పెసర మొలక సన్నగా, తెల్లగా, చాలా పొడుగ్గా సాగుతుంది. ఆకులు విచ్చుకోవు, చిన్నగా, పసుపుపచ్చగా ఉండిపోతాయి. మట్టి కింద ఉన్న మొలకకి వెలుతురు అందేదాకా పైకి సాగడమే పని. ఉన్న తిండినంతా కాండం పొడవు మీదే ఖర్చు పెడుతుంది. ఆ తిండి గింజ పప్పుల్లోది, కొత్తగా తయారు చేసుకున్నది కాదు.

అందుకని వెలుతురు వదిలెయ్యకండి. ఈ పాఠానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. మార్చేదాన్ని ఎంచుకోవడం పిల్లలకి తొందరగానే వస్తుంది. ఏం కొలవాలో ఎంచుకోవడం కష్టం. ఎత్తు కొలవడం తేలిక కాబట్టి అందరూ ఎత్తే కొలుస్తారు. "బాగా పెరగడం అంటే ఏమిటి, దాన్ని దేనితో కొలుస్తాం" అన్న ప్రశ్న వాళ్ళ ముందుకు రావాలంటే, ఎత్తు మోసం చేసే ప్రయోగమే కావాలి.

పలాస అమ్మా, మీ బెండ సంగతి కూడా ఇదే అయ్యుండొచ్చు. ముందు నెట్ తీసి పూర్తి ఎండ తగలనిచ్చి చూడండి. వెలుతురు తక్కువైన చోట ఎరువు వేస్తే ఇంకా సాగుతాయి.

సాలూరు_ప్రైమరీ
నేను ఐదో తరగతికి ఎరువుతో చేయించాను. కొన్ని కప్పుల్లో చిటికెడు యూరియా, కొన్నిట్లో ఏమీ వెయ్యలేదు. వారం రోజులు చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. ఆ తర్వాత యూరియా వేసిన వాటిలో కొన్నిటికి ఆకు అంచులు మాడాయి. పిల్లలు "యూరియా దండగ" అని రాశారు. మా వాళ్ళందరూ రైతు బిడ్డలే. ఇంటికెళ్ళి ఆ మాట చెప్తే తండ్రులు ఒప్పుకోలేదు. ఒకే మట్టి, ఒకే నీళ్ళు, అన్నీ సమానంగానే ఉంచాం. అయినా తప్పు జవాబు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నాగావళి_మాస్టారు
సాలూరు మేడమ్ గారూ, టెస్ట్ ఫెయిర్‌గానే జరిగింది, కాలం చాలలేదు. పెసర మొలక మొదటి వారం పాటు చాలావరకు గింజలో ఉన్న నిల్వ మీదే బతుకుతుంది. మట్టి పైకి వచ్చే రెండు లావాటి పప్పులు రోజురోజుకీ ముడుచుకుపోయి రాలిపోతాయి కదా, ఆ తిండి ఉన్నంతకాలం బయటి ఎరువుతో పెద్ద అవసరం ఉండదు. కాబట్టి ఎరువు తేడా తెలియాలంటే నాలుగైదు వారాలైనా పెంచాలి, మట్టి కూడా బలం లేనిదై ఉండాలి, అంటే ఏటి ఇసుక కలిపిన మట్టి. చిన్న కప్పులో చిటికెడు యూరియా అంటే మొలకకి చాలా ఎక్కువ, అందుకే అంచులు మాడాయి.

చంపావతి మేడమ్ గారూ, మీకు పది రోజులే ఉంటే ఎరువు వద్దు. వెలుతురైతే ఆరేడు రోజుల్లోనే కళ్ళకి కనిపిస్తుంది.

చంపావతి_సైన్స్
సరే, వెలుతురే తీసుకుంటాను. మరి ఏం కొలిపించాలి మాస్టారూ? ఆకు రంగు అంటే అంకె రాదు. బరువు తూచాలంటే మొలక బరువు ఎంతని?

వంశధార_ఫిజిక్స్
బరువు గురించి నేను చెప్తాను. పెసర గింజ ఒక్కోటి సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక్క మొలకని కిరాణా కాటా మీద పెడితే ముల్లు కదలదు. అందుకే ఒక వరసలో ఉన్న 15 మొలకల్నీ కలిపి తూచాలి. అది కూడా మట్టి కడిగి, ఎండలో కరకరలాడేదాకా ఆరబెట్టాక. పచ్చిగా తూస్తే చాలావరకు నీళ్ళనే తూచినట్టు. 15 కలిపితే అర గ్రాము చుట్టూ వస్తుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో తూనికరాళ్ళ పెట్టె ఉన్న బ్యాలెన్స్ ఉంటే 10 మిల్లీగ్రాముల దాకా తూచొచ్చు. లేదంటే బంగారం షాపులో అడిగితే తూచి ఇస్తారు.

నాటే ముందు ఎండు గింజలు 15 తూచి రాసి పెట్టుకోండి. చీకటి మొలకల్ని ఎండబెట్టి తూస్తే మొదట నాటిన గింజల కంటే తక్కువ వస్తుంది. ఆ అంకె చూశాక, మొక్క జానెడు పొడుగు పెరిగింది గానీ బరువు తగ్గిందని పిల్లలకి అర్థమవుతుంది.

ఇక గరివిడి మాస్టారు చెప్పిన ఒక కప్పు విషయంలో నేను ఒప్పుకోను. గింజలన్నీ ఒకేలా కనిపించినా ఒకేలా పెరగవు. ఇవి నేను బోర్డు మీద రాసే ఊహా అంకెలు, నిజం కొలతలు కావు. 10 మి.లీ. పోసిన ఐదు కప్పుల్లో ఎత్తులు 9, 11, 12, 10, 13 సెంటీమీటర్లు. 20 మి.లీ. పోసిన ఐదు కప్పుల్లో 10, 12, 11, 13, 14. సగటు తీస్తే 11, 12. ఒక్కో కప్పే పెట్టి ఉంటే, మొదటి దాంట్లో 13 వచ్చిన కప్పు, రెండో దాంట్లో 10 వచ్చిన కప్పు మన చేతికి చిక్కొచ్చు. అప్పుడు నీళ్ళు తక్కువైతేనే మంచిదని పిల్లలు గట్టిగా రాస్తారు. ఐదేసి ఉన్నాయి కాబట్టి రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని, 1 సెంటీమీటరు తేడాని నమ్మలేమని చెప్పగలం.

గరివిడి_టీచర్
మీరు చెప్పింది బావుంది గానీ, 40 మంది క్లాసులో గ్రూపుకి పది కప్పులంటే ఎక్కడ పెడతాం సార్? మట్టి ఎవరు మోస్తారు?

వంశధార_ఫిజిక్స్
గ్రూపుకి పది అక్కర్లేదు మాస్టారూ. ఐదు గ్రూపులు, ఒక్కో గ్రూపుకి రెండే కప్పులు, ఒకటి వెలుతురులో, ఒకటి చీకట్లో. కప్పుకి మూడు గింజలు. అన్ని గ్రూపుల లెక్కా బోర్డు మీద కలిపితే అటు 15, ఇటు 15 మొలకలు. ఎవరి కప్పు వాళ్ళదే, ఫలితం క్లాసు మొత్తానిది. ఒక గ్రూపులో చీకటి మొలక పొట్టిగా వస్తే వాళ్ళ ప్రయోగం చెడిపోయినట్టు కాదని కూడా అప్పుడే చెప్పొచ్చు.

గరివిడి_టీచర్
అలా అయితే కుదురుతుంది. ఒప్పుకుంటున్నాను. నీళ్ళు మాత్రం అందరికీ 10 మి.లీ. ఉండాలి, అందులో తేడా రాకూడదు.

నాగావళి_మాస్టారు
అక్కడే ఒక చిక్కుంది మాస్టారూ. వరండాలో ఎండ తగిలే కప్పు గాలికి, వేడికి సాయంత్రానికే ఎండిపోతుంది. బీరువాలో కప్పు రెండు రోజులైనా తడిగానే ఉంటుంది. రెండిట్లోనూ 10 మి.లీ. పోస్తే పోసింది సమానమే గానీ వేళ్ళకి అందిన తడి సమానం కాదు. వేడి కూడా వేరే. అంటే మనం వెలుతురు ఒక్కటే మార్చాం అనుకుంటాం, నిజానికి వెలుతురు, తడి, వేడి మూడూ కలిసి మారాయి.

అందుకే బీరువా వద్దంటాను. ఒకే సైజు అట్టపెట్టెలు రెండు తీసుకోండి, పుస్తకాలు వచ్చినవి ఉంటాయి కదా. ఒకటి పూర్తిగా మూసెయ్యాలి, సందుల దగ్గర నల్ల కాగితం అతికించాలి. రెండోదానికి పైమూత కోసేసి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పాలి. రెండు పెట్టెలూ పక్కపక్కనే వరండాలో, నేరుగా ఎండ పడని చోట, బాగా వెలుతురు వచ్చే వైపు పెట్టాలి. నేరుగా ఎండ పడితే ప్లాస్టిక్ కింద వేడెక్కి మొలకలు ఉడికిపోతాయి. ఇలా పెడితే గాలి, వేడి, తడి దగ్గరదగ్గరగా ఉంటాయి. పూర్తిగా ఒకటే అవవు. రెండు పెట్టెల్లోనూ ఒక్కో థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం భోజనాల వేళ చూసి రాయమనండి. తేడా ఎంతుందో వాళ్ళకే తెలుస్తుంది.

గరివిడి_టీచర్
మాస్టారూ, అయినా నీళ్ళు సమానంగా పొయ్యడమే కంట్రోల్ అని నా అభిప్రాయం. కప్పు ఎండిందని ఒకదానికి 15, ఒకదానికి 5 పోస్తే పిల్లలకి ఏం జవాబు చెప్తాం? మేం అన్నిటికీ ఒకేలా పోశాం అని చెప్పుకునే వీలు ఉండదు.

వంశధార_ఫిజిక్స్
ఇంకో దారి ఉంది. నీళ్ళు పోసిన మొదటి రోజు ప్రతి కప్పునీ వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి బరువు రాయండి, 210 గ్రాములు అనుకుందాం. రోజూ ఏ కప్పు ఎంత తగ్గిందో అంత నీళ్ళు పోసి మళ్ళీ 210కి తేవాలి. పోసిన నీళ్ళు వేరువేరుగా ఉంటాయి, మట్టిలో తడి మాత్రం ఒకటే. మొలక బరువు చాలా తక్కువ కాబట్టి లెక్క చెడదు.

నాగావళి_మాస్టారు
ఏది కంట్రోల్ అన్నది ప్రశ్నని బట్టి ఉంటుంది. "మా ఊళ్ళో నీడలో విత్తితే ఏమవుతుంది" అన్నది ప్రశ్న అయితే నీళ్ళు సమానంగా పొయ్యడం సరైనదే, ఎందుకంటే పొలంలో నీడకీ, ఎండకీ నీళ్ళు ఒకేలా పెడతాం. "వెలుతురు ఒక్కటే ఏం చేస్తుంది" అన్నది ప్రశ్న అయితే తడి సమానంగా ఉంచాలి. నా ఓటు తడికే. గరివిడి మాస్టారి మాట తీసెయ్యదగ్గది కాదు.

సాలూరు_ప్రైమరీ
శని, ఆదివారాలు నీళ్ళు ఎవరు పోస్తారు? మా దగ్గర వాచ్‌మన్ లేరు.

వంశధార_ఫిజిక్స్
రెండు పెట్టెలకీ ఒకేలా మానేస్తే సమానమే అని చాలామంది అనుకుంటారు. కానీ తెరిచి ఉన్న పెట్టెలో మట్టి ముందు ఎండుతుంది, దానికే ఎక్కువ దెబ్బ. రెండూ మూత ఉన్న పెట్టెలే అయితే ఆ బాధ తక్కువ. సోమవారం నాటితే నాలుగో రోజుకల్లా మొలకలు పైకొస్తాయి. శనివారం సాయంత్రం తడి చేసి వదిలితే సోమవారం ఉదయం దాకా ఆగుతాయి, ఏప్రిల్ ఎండల్లో కాకపోతే.

చంపావతి_సైన్స్
ఇప్పుడు నా ప్లాన్ ఇలా మారింది, తప్పులుంటే చెప్పండి.

మొదటి పీరియడ్‌లో ప్రయోగం మొదలుపెట్టను. బల్ల మీద రెండు కప్పులు పెట్టి ఒక కథ చెప్తాను. అన్న పెద్ద కప్పులో గెత్తం కలిపిన మట్టి పోసి పెసలు నాటి గుమ్మం దగ్గర పెట్టాడు, రోజూ గ్లాసుడు నీళ్ళు పోశాడు. చెల్లి చిన్న కప్పులో ఇసుక పోసి మెంతులు నాటి అటక మీద పెట్టింది, గుర్తొచ్చినప్పుడు నీళ్ళు పోసింది. అన్న మొక్కలు పెద్దవయ్యాయి, "వెలుతురు వల్లే" అన్నాడు. అన్న మాట ఒప్పుకుంటారా అని అడిగి ఊరుకుంటాను. ఏవేవి వేరుగా ఉన్నాయో వాళ్ళే బోర్డు మీదకి వచ్చి రాయాలి. అందులో వెలుతురు ఒక్కటి చుట్టి, మిగతా వాటిని ఎలా సమానం చేస్తారో గ్రూపులు చెప్పాలి. "ఒకే మట్టి" అంటే సరిపోదు, ఒకే కుప్పలోంచి జల్లించి కలిపి ఏ గీత దాకా పోస్తారో చెప్పాలి. ఆఖర్న ఏ పెట్టెలో ఏమవుతుందనుకుంటున్నారో పేరు రాసి నాకు ఇచ్చెయ్యాలి.

రెండో పీరియడ్‌లో నాటడం. రాత్రంతా నానబెట్టిన పెసల్లో ముక్కు పగిలినవి ఏరి, కప్పుకి మూడు, వేలి గోరంత లోతులో. కప్పు అడుగున మూడు చిల్లులు. ఎనిమిదో రోజు ఎత్తు, విచ్చుకున్న ఆకుల లెక్క, తర్వాత ఎండబెట్టి బరువు.

ఎత్తు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలవాలి? చీకట్లోవి వంగి ఉంటాయి కదా.

నాగావళి_మాస్టారు
చాలా బావుంది మేడమ్ గారూ. ముక్కు పగిలిన గింజలు ఏరడం మంచి పని. పెసల్లో కొన్ని రాత్రంతా నానినా రాయిలా ఉండిపోతాయి, అవి కప్పులో పడితే ఆ లోటు వెలుతురు మీదకి పోతుంది. ఎత్తు అంటే మట్టి దగ్గర్నుంచి ఆకులు పుట్టే చోటు దాకా, కాండం వెంట దారం పెట్టి ఆ దారాన్ని స్కేలు మీద చూడాలి. దారం ఎక్కడ పెట్టాలో ఐదు గ్రూపులూ ముందే ఒప్పుకోవాలి. ఒకళ్ళు ఆకు కొస దాకా, ఇంకొకళ్ళు కాండం దాకా కొలిస్తే అన్నీ కలిపిన సగటుకి అర్థం ఉండదు.

విత్తనాల షాపు నుంచి రంగు పొడి పట్టించిన పెసలు తేకండి, అది తెగుళ్ళ మందు. పిల్లల చేతులకి తగలకూడదు. ఇంట్లో వండుకునే పొట్టు పెసలు, కొత్త పంటవి చాలు.

ఇంకో మాట. చీకటి పెట్టె రోజూ తెరిచి చూడాలని పిల్లలకి ఆత్రంగా ఉంటుంది. కొంచెం వెలుతురు తగిలినా మొలక తీరు మారుతుంది. నీళ్ళు పోసేటప్పుడు ఒకే ఒక్కసారి, మసక గదిలో తెరవనివ్వండి. వెలుతురు పెట్టెని కూడా అంతే సేపు అదే గదిలో తెరవాలి. అదీ సమానం చెయ్యాల్సిన వాటిలో ఒకటే, పిల్లలకి తట్టదు.

సాలూరు_ప్రైమరీ
అట్టపెట్టెలు నేల మీద పెట్టకండి మేడమ్ గారూ. చీమలు, ఎలకలు నానిన పెసల్ని వదలవు. బల్ల మీద పెట్టి కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టండి. ఒక పెట్టెలోనే చీమలు పడితే ఏ లెక్కా నిలవదు.

గరివిడి_టీచర్
నాదొక ప్రశ్న. పిల్లలు అంకెలు మార్చేస్తే? చీకట్లో మొక్క పొట్టిగా ఉండాలని ముందే అనుకుంటారు, 20 సెంటీమీటర్లు కనిపిస్తే "తప్పు కొలిచాం" అని 8 రాస్తారు. మా క్లాసుల్లో ఇది మామూలే.

వంశధార_ఫిజిక్స్
ఒక గ్రూపు కప్పుల్ని ఇంకో గ్రూపు కొలవాలి. కప్పు మీద గ్రూపు పేరు కాకుండా నంబరు ఉంటే చాలు. కప్పుల్ని మాత్రం వెలుతురు, చీకటి అని తెలియకుండా చెయ్యలేం, రంగు చూడగానే తెలిసిపోతుంది. ముందు రాసిచ్చిన ఊహలకి మార్కులు వెయ్యనని మేడమ్ గారు గట్టిగా చెప్తే సగం సర్దుబాటు అదే ఆగుతుంది.

పలాస_డాబాతోట
నెట్ ఒకవైపు తీశాను. రెండోవైపు అలాగే ఉంచాను, మీరు చెప్తున్నట్టే పోల్చి చూద్దామని. కానీ తీసిన వైపు మట్టి తొందరగా ఎండుతోంది. నీళ్ళు రెండు వైపులా ఒకేలా పొయ్యాలా, ఎండిన వైపు ఎక్కువా?

నాగావళి_మాస్టారు
అమ్మా, మీకు కావలసింది బెండకాయలు కాబట్టి ఎండిన వైపు ఎక్కువ పొయ్యండి. రెండు వైపులా వేలు పెట్టి చూసి ఒకేలా తడి ఉంచితే, వచ్చే తేడా చాలావరకు నెట్‌దే అని చెప్పొచ్చు.

చంపావతి_సైన్స్
నీళ్ళ సంగతి నేను తేల్చను, క్లాసుకే వదిలేద్దామనుకుంటున్నాను. గరివిడి మాస్టారి పద్ధతి, కాటా పద్ధతి రెండూ చెప్పి ఏది సమానమో వాదించుకోమంటాను. ఐదు గ్రూపులూ ఒకే పద్ధతికి రాకపోతే లెక్కలు కలపలేం, అందుకని పీరియడ్ అయ్యేలోపు ఒకటి ఒప్పుకోవాలి. ఎనిమిది రోజులయ్యాక రెండు కప్పులు మాత్రం ఎండబెట్టకుండా చీకట్లోంచి వెలుతురులోకి మారుస్తాను. పచ్చబడతాయంటారా మాస్టారూ, లేక అప్పటికే ఆలస్యమా?

నాగావళి_మాస్టారు
పప్పుల్లో ఇంకా కొంత తిండి మిగిలి ఉంటే ఒకటి రెండు రోజుల్లో పచ్చబడతాయి. పప్పులు పూర్తిగా ముడుచుకుపోయి ఉంటే కొన్ని చచ్చిపోవచ్చు కూడా. ఎనిమిదో రోజు దాకా ఆగకుండా ఆరో రోజే మార్చండి. అలా మార్చిన రెండు కప్పుల్నీ బరువు లెక్కలోంచి తీసెయ్యాలి. చీకటి వరసలో 9 మొలకలే మిగులుతాయి కాబట్టి వెలుతురు వరసలోంచి కూడా 9 మాత్రమే తూచండి, నాటే ముందు 15 గింజలకి రాసుకున్న బరువుని కూడా 9 గింజలకి లెక్క కట్టుకోండి.

గరివిడి_టీచర్
మేడమ్ గారూ, మీ క్లాసు ఏ నీళ్ళ పద్ధతి ఒప్పుకుందో, ఎందుకు ఒప్పుకుందో ఇక్కడ రాయండి. నేను మా ఏడో తరగతిలో రెండోది చేయిస్తాను. రెండు స్కూళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం. మట్టి మీది నల్లరేగడా, ఎర్రమట్టా? మాది ఎర్రమట్టి. అది ఒకటి వేరవుతుంది, ముందే అనుకోవాలి.